ఇంటివాళ్ళే దిగుతున్నారు, ఖాళీ చేయాలి: గుంటూరు బ్రాడీపేటలో ఒక ఫ్లాటు కేసు

అద్దెకున్నవాళ్ళతో ఏ గొడవా లేకుండానే ఇల్లు ఖాళీ చేయించాల్సి రావడం ఇంటివాళ్ళకి ఇబ్బందికరమైన సందర్భం. అద్దె ఎగ్గొట్టినవాడికి ఖాళీ చేయమని చెప్పడం తేలిక, అక్కడ కోపమే మాట్లాడిస్తుంది. నెల నెలా ఐదో తారీఖులోపు డబ్బు వేసి, ఇల్లు శుభ్రంగా పెట్టుకున్న కుటుంబానికి "మావాళ్ళు వస్తున్నారు, మీరు వెళ్ళాలి" అని చెప్పేటప్పుడు మొహమాటం అడ్డొస్తుంది. ఈ కేసులో మొదటి నెల రోజులు వృథా అయింది ఆ మొహమాటం వల్లే.

ఫ్లాటు బ్రాడీపేటలో, మూడో అంతస్తు, రెండు పడక గదులు, లిఫ్టు ఉంది. ఓనర్లు రేపల్లె దగ్గర పల్లెలో ఉంటారు. అద్దెకున్నది నలుగురి కుటుంబం. ఆయనకి ప్రైవేటు ఉద్యోగం, పెద్దమ్మాయి పదో తరగతి, అబ్బాయి ఆరు. వచ్చి నాలుగేళ్ళయింది. అద్దె నెలకి 15,000, అడ్వాన్సు మూడు నెలలది 45,000. దిగేటప్పుడు వంద రూపాయల స్టాంపు మీద పదకొండు నెలల అగ్రిమెంటు రాసుకున్నారు. అది అయిపోయాక మళ్ళీ రాసుకోలేదు, అద్దె మాత్రం రెండుసార్లు పెరిగింది. అగ్రిమెంటులో మనకి కావలసిన షరతులు రెండు. ఖాళీ చేయాలంటే ఎవరైనా రెండు నెలల ముందు చెప్పాలి. ఖాళీ చేసేటప్పుడు రంగులకి ఒక నెల అద్దె అడ్వాన్సులోంచి మినహాయించుకోవచ్చు.

ఓనరు గారి నాన్నకి డయాలసిస్ మొదలైంది, వారానికి మూడుసార్లు. ఊరి నుంచి గుంటూరు సుమారు 60 కిలోమీటర్లు, కారు మాట్లాడుకుంటే రానూపోనూ 2,200. వారానికి 6,600 కారుకే పోతోంది. అది కాక, డయాలసిస్ అయ్యాక నీరసంతో ఉన్న ఎనభై ఏళ్ళ మనిషిని గంటన్నర కుదుపుల్లో తీసుకెళ్ళాలి. లిఫ్టు ఉన్న సొంత ఫ్లాటు గుంటూరులోనే ఉంది కాబట్టి పెద్దవాళ్ళిద్దరూ, వాళ్ళని చూసుకోవడానికి కోడలూ అందులో దిగాలని ఇంట్లో నిర్ణయించుకున్నారు. కారణం నిజమైనది, చెప్పుకోడానికి సిగ్గుపడాల్సినదీ కాదు. అయినా మొదటి ఫోనులో అది బయటికి రాలేదు.

మొదటి ఫోను ఎందుకు పారలేదు

డిసెంబరు 6న ఓనరు చేసిన ఫోనులో అసలు మాట ఇంతే: "మావాళ్ళు ఎవరో రావచ్చండీ, వీలుంటే సంక్రాంతి లోపు ఎక్కడైనా చూసుకోండి." ఈ వాక్యంలో ఎవరు వస్తున్నారో లేదు. "రావచ్చు" అనడంతో రాకపోవచ్చు కూడా అని వినపడింది. "వీలుంటే" అనేసరికి అది అభ్యర్థన అయిపోయింది. డబ్బు సంగతి అసలే రాలేదు. అవతలి మనిషి "అలాగేనండీ, చూస్తాం" అన్నాడు. ఓనరు దాన్ని ఒప్పుకోలుగా తీసుకున్నాడు. మన దగ్గర ఇల్లు ఖాళీ చేసే విషయంలో "చూస్తాం" అంటే విన్నాం అని మాత్రమే అర్థం.

గడువు కూడా అసాధ్యమైనది. డిసెంబరు 16న ధనుర్మాసం మొదలైతే సంక్రాంతి దాకా కొత్త ఇంట్లో పాలు పొంగించేవాళ్ళు తక్కువ. అంటే ఆ కుటుంబానికి నిజంగా మిగిలింది పది రోజులు. ఈ పట్టింపులు తనకి ఉన్నా లేకపోయినా, అద్దెకున్నవాళ్ళకి ఉన్నాయేమో అనుకునే తారీఖు పెట్టాలి. ధనుర్మాసం, ఆషాఢం, మూఢం రోజులు క్యాలెండరులో చూసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది. ఆ రెండు నిమిషాలు పెట్టని గడువును అవతలివాళ్ళు మొదటి రోజే మనసులో కొట్టేస్తారు. తర్వాత మీరు పెట్టే ఏ గడువునీ నమ్మరు.

దీనికి తోడు ఇంకొకటి జరిగింది, అది ఓనరుకి చివర్లో గానీ తెలియలేదు. అక్టోబరులో ఆయన అపార్ట్‌మెంటు వాచ్‌మన్‌ని "ఇప్పుడు ఇక్కడ రెండు పడక గదుల ఫ్లాటు ఎంతకి పోతోంది" అని అడిగాడు. ఆ మాట రెండు రోజుల్లో మూడో అంతస్తుకి చేరింది. అమరావతి పనులు మళ్ళీ కదిలినప్పటి నుంచి విజయవాడ, గుంటూరుల్లో అద్దెలు పెరుగుతున్నాయన్న మాట అందరి నోటా ఉంది. దాంతో అద్దెకున్నాయన లెక్క సూటిగా తేలింది: అద్దె పెంచడానికి ఇదొక ఎత్తు, పండగ అయ్యాక రెండు వేలు పెంచితే ఊరుకుంటారు. సొంతవాళ్ళు వస్తున్నారని చెప్పే ప్రతి ఓనరూ ముందుగా ఎదుర్కోవాల్సింది ఈ అనుమానాన్నే. అంతకుముందు ఆరు నెలల్లో బ్రోకరునో, వాచ్‌మన్‌నో, పక్క ఫ్లాటువాళ్ళనో అద్దె గురించి అడిగి ఉంటే, ఆ సంగతి అవతలివాళ్ళకి తెలుసనే అనుకుని మొదలుపెట్టాలి.

మూడు వారాలు ఎవరూ ఏమీ మాట్లాడలేదు. డిసెంబరు 27న ఓనరు కోపంగా వాట్సాప్ పెట్టాడు: "సంక్రాంతి దగ్గరికొచ్చింది, ఇంకా ఇల్లు చూడలేదా? మాకు ఇబ్బందిగా ఉంది." దానికి వచ్చిన జవాబు: "పాప టెన్త్ అండీ. పరీక్షలయ్యేదాకా కదల్లేం. అద్దె సంగతైతే మాట్లాడుకుందాం." ఆ చివరి వాక్యం చూస్తే వాళ్ళు విషయాన్ని ఎలా అర్థం చేసుకున్నారో తెలిసిపోతుంది. అద్దె సంగతి ఎవరూ ఎత్తకుండానే అవతలివాళ్ళు ఎత్తారంటే, మీరు చెప్పిన కారణం వాళ్ళకి చేరలేదనే. ఇక్కడ ఆగి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాలి. కోపం పెంచితే వాళ్ళ అనుమానం గట్టిపడుతుంది.

రెండోసారి చెప్పిన తీరు

జనవరి 3, శనివారం సాయంత్రం, ఓనరు దంపతులిద్దరూ ముందుగా ఫోను చేసి ఫ్లాటుకి వెళ్ళారు. ఆవిడ వెళ్ళడం ముఖ్యం, ఎందుకంటే ఫ్లాటు ఆవిడ పేరు మీద ఉంది, అగ్రిమెంటులో సంతకమూ ఆవిడదే. ఆ పిల్లల చదువుల సంగతి అడిగి, కాఫీ తాగి, చివర్లో గుమ్మం దగ్గర విషయం ఎత్తే అలవాటు చాలామందికి ఉంది. ఇక్కడ కూర్చున్న ఐదు నిమిషాల్లోనే ఎత్తారు. ఆయన అన్న మాటలు దాదాపుగా ఇవి:

"మొన్న ఫోనులో సరిగ్గా చెప్పలేదండీ, తప్పు నాదే. మా నాన్నకి డయాలసిస్ పడింది. వారానికి మూడుసార్లు ఊరి నుంచి తేవాల్సి వస్తోంది. అమ్మా నాన్నా, మా ఆవిడా ఈ ఫ్లాటులోకి వస్తున్నారు. అద్దె కోసం కాదు, మీరు పెంచి ఇస్తానన్నా మేం ఉంచలేం. పాపకి పరీక్షలున్నాయని తెలిసింది. అవి అయ్యాక ఏ తారీఖుకి ఇబ్బంది లేకుండా మారగలరో మీరే చెప్పండి. అడ్వాన్సు విషయంలో మిమ్మల్ని ఇబ్బంది పెట్టం."

డిసెంబరులో సరిగ్గా చెప్పకుండా మిగిలిన నాలుగు సంగతులూ ఇందులో ఉన్నాయి: ఎవరు వస్తున్నారు, ఎందుకు, ఎప్పటికి, డబ్బు ఎలా. "మీరు పెంచి ఇస్తానన్నా ఉంచలేం" అన్నది కొంచెం కటువుగా అనిపిస్తుంది గానీ, అనుమానాన్ని తీసేసింది ఆ వాక్యమే. బేరం తలుపు మూసేస్తేనే అవతలివాళ్ళు ఇల్లు వెతకడం మొదలుపెడతారు. ఆ తలుపు ఓరగా తెరిచి ఉంచితే, ఎంత మంచి కారణం చెప్పినా వాళ్ళు అక్కడే నిలబడి చూస్తారు.

కారణం ఎంతవరకు చెప్పాలన్నది ఒక ప్రశ్న. ఆసుపత్రి కాగితాలు చూపించాల్సిన పని లేదు. అలా చూపిస్తే ఎదుటివాళ్ళని జడ్జీల స్థానంలో కూర్చోబెట్టినట్టు అవుతుంది. సరిచూసుకోగల ఒక్క నిజం చాలు. డయాలసిస్ అన్నాక అద్దెకున్నావిడ "ఏ ఆసుపత్రి ఆంటీ?" అని అడిగింది, ఓనరమ్మ చెప్పింది, ఆ ఆసుపత్రికి ఫ్లాటు నుంచి ఎంత దూరమో ఇద్దరికీ తెలుసు. నమ్మకం అక్కడ కుదిరింది. లేని కారణం మాత్రం ఎప్పుడూ చెప్పకూడదు. అమెరికా నుంచి అబ్బాయి వస్తున్నాడని ఖాళీ చేయించి, నెల తిరక్కుండా టులెట్ బోర్డు పెట్టినవాళ్ళ సంగతి అదే అపార్ట్‌మెంటులోవాళ్ళు కొత్తగా దిగబోయేవాళ్ళకి మొదటి రోజే చెబుతారు. కోర్టు దాకా పోయిన సందర్భాల్లోనూ సొంత అవసరం నిజమైనదా, వంకా అన్నదే ఎక్కువగా తేల్చాల్సి వచ్చే ప్రశ్న.

తారీఖు

పదో తరగతి పబ్లిక్ పరీక్షలు మార్చి రెండో సగంలో మొదలై దాదాపు నెలాఖరు దాకా సాగుతాయి. ఫిబ్రవరిలో ప్రీఫైనల్స్. ఆ పిల్ల నాలుగు నెలలు కదలకూడదని తల్లి పట్టుబట్టడంలో అతిశయోక్తి ఏమీ లేదు. అద్దెకున్నవాళ్ళు మొదట అడిగింది మే నెలాఖరు, బడులు జూన్‌లో తెరుస్తారు కాబట్టి. ఓనర్లకి ఫిబ్రవరి కావాలి. ఇలాంటప్పుడు మధ్యలో ఉన్న తారీఖు పట్టుకోవడం అందరూ చేసే పని. ఈ కేసులో అలా లెక్క కట్టలేదు, మధ్య తారీఖు ఎవరి అవసరాన్నీ చెప్పదు. ఒక్కొక్కరికి ఏ రోజు దాటితే నిజంగా నష్టమో అడగాలి. పిల్లకి ఆఖరి పరీక్ష అయిన మర్నాటి నుంచి కదలడానికి అడ్డు లేదు. మే దాకా ఉండటం సౌకర్యం తప్ప అవసరం కాదని వాళ్ళే ఒప్పుకున్నారు. ఓనర్ల వైపు, తెనాలిలో కూతురి ఇల్లుంది. అక్కడి నుంచి గుంటూరు 25 కిలోమీటర్లు. మూడు నెలలు పెద్దవాళ్ళని అక్కడ ఉంచితే కారు ఖర్చు, కుదుపులు రెండూ సగానికి తగ్గుతాయి. అలా ఏప్రిల్ 10 కుదిరింది.

ఏప్రిల్ పెట్టుకోవడంలో ఇంకో లాభం ఉంది. గుంటూరులో పిల్లల చదువుల కోసం అద్దెకుండే కుటుంబాలు చాలా. వాళ్ళు మార్చి పరీక్షలయ్యాకే ఇళ్ళు మారతారు, కాబట్టి బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం వైపు టులెట్ బోర్డులు మార్చి, ఏప్రిల్ నెలల్లో ఎక్కువ కనిపిస్తాయి. జనవరిలో ఖాళీ చేయమంటే దొరికినదాంట్లో దూరాలి. అదే చోట, అదే అద్దెలో మరో ఇల్లు దొరకని మనిషి ఖాళీ చేయడు, ఎంత మంచివాడైనా.

ఎంత తొందరగా వెతికితే అంత మంచిదన్నదీ నిజం కాదు. జనవరిలోనే ఇల్లు చూసుకుంటే ఆ ఓనరు ఏప్రిల్ దాకా ఖాళీగా ఉంచడు, రెండిళ్ళ అద్దె కట్టాలి. మార్చి 1 నుంచి వెతకడం మొదలుపెడతామని వాళ్ళు చెబితే ఓనరు ఒప్పుకున్నాడు. ఆ మధ్య రెండు నెలలూ "ఇల్లు దొరికిందా" అని అడగనని మాట ఇచ్చి నిలబెట్టుకున్నాడు. ఆయనకి ఈ మొత్తంలో కష్టమైన పని అదేనేమో.

కాగితం

మాట కుదిరిన రెండో రోజు, జనవరి 5న, కాగితం ఇచ్చారు. స్నేహంగా మాట్లాడుకున్నాక నోటీసు ఎందుకని ఓనరు వెనకాడాడు. మాట కుదిరిన వేడి మీద ఇస్తే అది జ్ఞాపకం కోసం రాసుకున్న కాగితంలా ఉంటుంది. గొడవ మొదలయ్యాక ఇస్తే అదే కాగితం బెదిరింపు అవుతుంది.

చట్టం వైపు నుంచి తెలుసుకోవాల్సింది కొద్దిగానే. అగ్రిమెంటు గడువు అయిపోయాక కూడా ఓనరు అద్దె తీసుకుంటూ ఉంటే, ఆస్తి బదిలీ చట్టం 116వ సెక్షన్ ప్రకారం ఇల్లు నెలవారీ అద్దె కింద సాగుతున్నట్టు. 106వ సెక్షన్ అలాంటి అద్దెని ముగించడానికి పదిహేను రోజుల నోటీసు చాలంటుంది, ఆ రోజుల లెక్క నోటీసు అందిన నాటి నుంచి. కానీ అదే సెక్షన్, వేరే ఒప్పందం ఉంటే ఒప్పందమే వర్తిస్తుందని కూడా అంటుంది. ఇక్కడ పాత అగ్రిమెంటులో రెండు నెలలని ఉంది. గడువు తీరిన అగ్రిమెంటు కదా అని పదిహేను రోజులతో సరిపెట్టడం తెలివితక్కువ. ఎక్కువ ఉన్నదాన్నే పాటిస్తే వాదనకి చోటుండదు. జనవరి 5 నుంచి ఏప్రిల్ 10 అంటే మూడు నెలలు దాటింది. నోటీసు నెలాఖరుతోనే ముగియాలన్న పాత నియమం 2002 సవరణతో పోయింది, అందుకే పదో తారీఖు పెట్టినా ఇబ్బంది లేదు.

నోటీసు రాతలో ఉండాలి, ఇచ్చేవాళ్ళు గానీ వాళ్ళ తరఫున ఇంకొకరు గానీ సంతకం చేయాలి, పోస్టులో పంపాలి లేదా చేతికివ్వాలి. డిసెంబరులో భర్త పెట్టిన వాట్సాప్‌లో ఇవేవీ లేవు, పైగా ఆయన ఓనరు కూడా కాదు. ఈసారి కాగితం మీద ఆవిడ సంతకం పెట్టింది. రెండు ప్రతులు తీసి, ఒకటి వాళ్ళకిచ్చి, రెండోదాని మీద "అందింది" అని తారీఖుతో సంతకం తీసుకున్నారు. సంతకం పెట్టడానికి వెనకాడితే అదే కాగితాన్ని పోస్టులో పంపొచ్చు. రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, ఇప్పుడు స్పీడ్ పోస్టులోనే రిజిస్ట్రేషన్ అడిగి పంపి రసీదు దాచుకోవాలి. వాట్సాప్‌లో ఫోటో పెట్టడం అదనం, దాని బదులు కాదు.

కాగితంలో రాసింది ఇది:

"బ్రాడీపేటలోని మా ఫ్లాటులో మీరు నెలకి రూ. 15,000 అద్దెకి ఉంటున్నారు. మా అత్తమామల వైద్యం కోసం మా కుటుంబం ఈ ఫ్లాటులో నివసించాల్సి ఉన్నందున, మన మధ్య ఉన్న అద్దె ఒప్పందాన్ని ఏప్రిల్ 10తో ముగిస్తున్నాము. ఆ రోజు లోపు ఫ్లాటు ఖాళీ చేసి తాళాలు అప్పగించగలరు. మార్చి నెలాఖరు వరకు అద్దె మామూలుగానే చెల్లించాలి. ఏప్రిల్ నెలలోని పది రోజులకు అద్దె లేదు. అడ్వాన్సు రూ. 45,000లో రూ. 25,000 మీరు కొత్త ఇంటికి టోకెన్ ఇచ్చిన రోజున, మిగిలినది బకాయిలు పోను తాళాలు ఇచ్చిన రోజున చెల్లిస్తాము. రంగులకు మినహాయింపు లేదు."

తారీఖుకి ఏ సంవత్సరమో కాగితం మీద తప్పక రాయాలి, ఫ్లాటు నంబరు కూడా. "వీలైనంత త్వరగా" లాంటి మాట ఎక్కడా రాకూడదు. "ముగిస్తున్నాము" అన్న క్రియ స్పష్టంగా ఉండాలి. "ఖాళీ చేయవలసిందిగా కోరుతున్నాము" అని మాత్రమే రాస్తే అద్దె ముగిసిందా, అడుగుతున్నారా అన్నది తేలదు.

ఇక్కడ చాలామంది జారే చోటు ఒకటి ఉంది. నోటీసు గడువు దాటాక కూడా మామూలుగా అద్దె పుచ్చుకుంటూ పోతే, నోటీసుని వదులుకున్నట్టేనని అవతలివాళ్ళు 113వ సెక్షన్ కింద వాదించవచ్చు. గడువుకి ముందు నెలల అద్దె తీసుకోవడంలో తప్పు లేదు, అందుకే జనవరి నుంచి మార్చి దాకా అద్దె మామూలుగా తీసుకున్నారు. ఏప్రిల్ 10 దాటి ఒకవేళ ఉండాల్సి వస్తే, ఆ డబ్బు ఖాతాలో పడగానే "ఇది అద్దె కాదు, గడువు తర్వాత ఉన్న రోజులకి మాత్రమే, నోటీసు అలాగే ఉంది" అని వెంటనే రాసి పంపాలి. ఆ అవసరం ఇక్కడ రాలేదు.

చేయకూడని ఇంకో పని: మోటారు ఆపేయడం, ఫ్యూజు తీసేయడం, వాళ్ళు ఊరెళ్ళినప్పుడు తాళం మార్చడం. ఓనరు అయినా సరే, కోర్టు ద్వారా కాకుండా బయటికి పంపితే అద్దెకున్నవాళ్ళు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోపు దావా వేసి తిరిగి లోపలికి రావచ్చు. అక్కడ ఇల్లు ఎవరిదన్న ప్రశ్నే రాదు, ఎలా బయటికి పంపారన్నదే చూస్తారు.

అడ్వాన్సు లెక్క

అద్దెకున్నవాళ్ళు మొండికేస్తున్నారని ఓనర్లు అనుకునే చాలా సందర్భాల్లో వెనక ఉన్నది చేతిలో డబ్బు లేకపోవడం. ఆయన చూసిన కొత్త ఇల్లు 18,000. మూడు నెలల అడ్వాన్సు 54,000. బ్రోకరుకి సగం నెల అద్దె 9,000. సామాను మూడు ట్రిప్పులు, ఎక్కించి దించే మనుషులతో కలిపి 8,000. మొత్తం 71,000 ముందుగా పెట్టాలి. తన పాత అడ్వాన్సు 45,000 మాత్రం పాత ఇల్లు ఖాళీ చేశాకే వస్తుంది. జీతం మీద బతికే మనిషికి ఆ పది పదిహేను రోజుల ఎడమే గండం. ఆ సంగతి నోరు విడిచి చెప్పుకోలేక "ఇల్లు దొరకట్లేదండీ" అంటాడు.

అందుకే 25,000 ముందుగా ఇవ్వడం. ఓనరుకి ఇందులో భయం ఉంటుంది, డబ్బు తీసుకుని కదలకపోతే? మిగిలిన 20,000 ఇంకా తన దగ్గరే ఉంది, అది నెల అద్దె కంటే ఎక్కువ. పైగా కొత్త ఇంటికి టోకెన్ ఇచ్చినట్టు చూశాకే ఇస్తాడు. మార్చి 12న వాళ్ళు టోకెన్ ఇచ్చారు, 13న ఓనరమ్మ ఖాతా నుంచి 25,000 వెళ్ళింది, పంపేటప్పుడు రాసే చోట "అడ్వాన్సు వాపసు, మొదటి భాగం" అని టైపు చేసి. చేతికి నోట్లు ఇవ్వకపోవడం ఇద్దరికీ మంచిది.

రంగుల మినహాయింపు వదులుకోవడం మీద ఇంట్లో కొంత చర్చ జరిగింది. అగ్రిమెంటులో ఉంది కదా, 15,000 ఎందుకు వదలాలని. అద్దెకున్నవాళ్ళు తమంతట తాము వెళ్తుంటే తీసుకోవడం మామూలే. వెళ్ళమంటున్నది మనమైనప్పుడు తీసుకుంటే, ఆ 15,000 దగ్గరే మాట చెడుతుంది. దానికి పది రోజుల అద్దె 5,000 కలిపితే ఓనర్లు వదులుకున్నది 20,000. ఊరి నుంచి మూడు వారాల కారు ఖర్చు దాదాపు అంతే. ఇలా లెక్క చూసుకున్నాక ఇంట్లో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

అప్పగింత

సామాను ఏప్రిల్ 9న వెళ్ళింది, తాళాలు 10న. ఈ ఒక్క రోజు ఎడం కావాలి. లారీ కింద నిలబడి ఉండగా, పిల్లలు ఆకలిగా ఉండగా, గోడలు చూసి లెక్కలు వేయడం మొదలుపెడితే నాలుగేళ్ళ మంచితనం అక్కడ పోతుంది. మర్నాడు ఖాళీ ఇంట్లో ఇద్దరూ తిరిగి చూశారు. గోడలకి మేకుల గుర్తులు, వంటింట్లో నూనె మరకలు వాడుకలో వచ్చేవి, వాటిని లెక్కలోకి తేలేదు. బాత్రూములో విరిగిన కుళాయి 650 అని ఒప్పుకున్నారు.

కరెంటు మీటరు రీడింగు ఇద్దరూ ఫోటో తీసుకున్నారు. ముందు బిల్లు తర్వాత వాడిన యూనిట్లకి 450 వేసుకున్నారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది. సీపీడీసీఎల్ బిల్లులో ట్రూ-అప్, ఎఫ్‌పీపీసీఏ పేర్లతో వచ్చేవి ఎప్పుడో గడిచిన నెలల వాడకం మీద వేస్తారు. అద్దెకున్నవాళ్ళు వెళ్ళిపోయాక కూడా వాళ్ళు వాడిన యూనిట్ల సర్దుబాటు ఆ సర్వీసు నంబరు మీదికే వస్తుంది. ఎంత వస్తుందో ముందుగా లెక్క కట్టలేం. దాని కోసం డబ్బు ఆపి పెట్టుకుంటే తెగని పంచాయితీ అవుతుంది. తర్వాత వచ్చేవి ఓనరువే అని ఆ రోజే రాసుకున్నారు. దానికి తిరగబడ్డ సంగతి ఇంకొకటి: అద్దెకున్నాయన ఫోనులో ఆ సర్వీసు నంబరుకి ఆటోపే పెట్టి ఉంది. తీసేయకపోతే ఇల్లుగలవాళ్ళ బిల్లు ఆయన ఖాతాలోంచి నెల నెలా పోతుంది. తాళాలు ఇస్తూ అక్కడే తీయించారు.

మెయింటెనెన్స్ నెలకి 1,500, పది రోజులకి 500. లెక్క ఇలా తేలింది: చేతిలో ఉన్న 20,000లోంచి మెయింటెనెన్స్ 500, కరెంటు 450, కుళాయి 650, మొత్తం 1,600 పోను 18,400. అక్కడే నిలబడి పంపారు. డబ్బు పడ్డ మోత వినపడ్డాక మూడు తాళాలు, లిఫ్టు కార్డు చేతికొచ్చాయి. పాత అగ్రిమెంటు వెనక "ఫ్లాటు అప్పగించాము, అడ్వాన్సు పూర్తిగా ముట్టింది, ఒకరికొకరు బాకీ లేరు" అని రెండు వాక్యాలు రాసి ఇద్దరూ సంతకాలు చేశారు. గ్యాసు కనెక్షను, పిల్లల బడిలో చిరునామా మార్చుకునేదాకా ఉత్తరాలు ఈ ఫ్లాటుకే వస్తాయి కాబట్టి వాటిని వాచ్‌మన్ దగ్గర ఉంచుతామని ఓనరమ్మ చెప్పింది.

పెద్దాయన మంచం ఆ తర్వాతి సోమవారం లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా ఎక్కించాల్సి వచ్చింది. లిఫ్టు కొలతలు మాత్రం ఎవరూ ముందుగా చూసుకోలేదు.